సెలవుల ఫొటోలో వెనక నడిచి వెళ్తున్న మనిషిని మచ్చ పడకుండా తీసేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఫొటోలు సరిచేసే పని నాది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు ముగిసిన వారంలో వచ్చే ఫొటోలన్నీ దాదాపు ఒకే కోరికతో వస్తాయి. గండికోటలోనో లేపాక్షిలోనో ఇంటిల్లిపాదీ చక్కగా నిలబడి ఉంటారు, వెనక ఎవరో పెద్దమనిషి ఫోను చూసుకుంటూ నడిచిపోతుంటాడు. ‘ఆయన్ను తీసేయండి, కానీ తీసినట్టు తెలియకూడదు’ అంటారు. చాలామంది ఇంట్లో ఒకసారి ప్రయత్నించి, ఆయన పోయి ఆయన స్థానంలో ఒక పొగమేఘం మిగిలాక వస్తారు. వాళ్లు అడిగే ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇవి.

మనిషిని తీసేసిన చోట పులిమినట్టు ఎందుకు కనబడుతుంది?

రెండు కారణాలున్నాయి. వేర్వేరుగా అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే.

మొదటిది గరుకు పోవడం. రాతిగోడనైనా మట్టినేలనైనా దగ్గరగా చూస్తే లెక్కలేనన్ని చిన్న చుక్కలు, గీతలు, వెలుగునీడల తేడాలు ఉంటాయి. వీటికి తోడు కెమెరా సెన్సరు వేసే సన్నని గ్రెయిన్ ఒకటి ఉంటుంది. మెత్తని అంచున్న బ్రష్షుతో ఒకే చోట పదేపదే రాస్తే ఈ తేడాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి సగటు రంగుగా మారిపోతాయి. రంగు సరిగ్గానే ఉంటుంది, గరుకు మాత్రం ఉండదు. చుట్టూ గరుకుగా ఉన్న గోడలో ఒక్క చోట నున్నగా ఉంటే కన్ను ముందు అక్కడికే పోతుంది.

రెండోది రంగు కారడం. హీల్ టూల్ చేసే పని ఇది: మీరు చూపించిన నమూనా చోటు నుంచి గరుకును తెస్తుంది, రంగునూ వెలుగునూ మాత్రం మీరు రాస్తున్న చోటి చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. చుట్టుపక్కల అంతా గోడే అయితే అద్భుతంగా అతుకుతుంది. బ్రష్షు అంచు అమ్మమ్మ ముదురు ఆకుపచ్చ చీరను తాకిందనుకోండి, ఆ ఆకుపచ్చను కూడా గోడ రంగే అనుకుని లోపలికి లాగుతుంది. ఇంకా తీసేయని మనిషి చొక్కా పక్కనే ఉంటే, ఆ చొక్కా రంగూ కారుతుంది. నా దగ్గరికి వచ్చే పొగమేఘాల్లో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే.

అందుకే నేను పాటించే వరుస ఒకటే. అంచులున్న చోట ముందు క్లోన్‌తో కట్టాలి. క్లోన్ ఉన్నది ఉన్నట్టు నకలు తెస్తుంది, పక్కవాళ్లను పట్టించుకోదు. తీసేయాల్సిన మనిషి పూర్తిగా పోయాక, అంచులకు దూరంగా, మిగిలిన చిన్న తేడాల మీద మాత్రమే హీల్ వాడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

పనికి ఏ ఫొటో తీసుకోవాలి?

ఫోనులో తీసిన అసలు ఫైలు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మామూలు ఫొటో కాదు. అలా పంపినప్పుడు ఫొటో పరిమాణం తగ్గి, గరుకు ముందే సగం చచ్చిపోయి ఉంటుంది. పైగా జేపెగ్ ఫైలు బొమ్మను ఎనిమిది పిక్సెళ్ల చదరపు గడులుగా విడదీసి కుదిస్తుంది. ఎక్కువ కుదించిన ఫొటోలో ఆ గడుల గీతలు పైకి తేలతాయి, మీరు నకలు తెచ్చిన చోట అవి పక్కవాటితో కలవవు. తీసినవారి దగ్గర అసలు ఫైలు ఉంటే డాక్యుమెంటుగా పంపమనండి.

ఇంకో మాట కూడా అడగండి: అదే చోట, అదే నిమిషంలో తీసిన ఇంకో ఫొటో ఉందా? గుంపు ఫొటోలు ఎవరూ ఒక్కటే తీయరు. రెండో ఫొటోలో ఆ మనిషి నాలుగడుగులు ముందుకు పోయి ఉంటే, అతని వెనకున్న అసలు గోడ మీకు దొరికినట్టే. ఆ ఫొటోను రెండో లేయరుగా పైన పెట్టి, పై లేయరు `Opacity` ని సగానికి తగ్గించి, రాళ్ల గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చునే దాకా జరపండి. తర్వాత `Opacity` ని మళ్లీ 100 చేసి, పై లేయరును దాచేసే నల్లని లేయర్ మాస్కు వేసి, అవసరమైన మేర మాత్రమే తెల్లని బ్రష్షుతో తెరవండి. ఫోను చేతిలో కదిలి ఉంటుంది కాబట్టి కాస్త తిప్పాల్సి రావచ్చు. అయినా కల్పించి కట్టిన గోడకన్నా ఉన్న గోడ ఎప్పుడూ మేలు. ఈ దారి ఉంటే కింద రాసిందాంట్లో సగం మీకు అవసరం లేదు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

కొనాల్సిన పని లేదు. జింప్ ఉచితం, ఈ పనికి చాలు. కింద చెప్పేవన్నీ దానిలోని పేర్లే. ఫొటోషాప్ ఉన్నవారికీ పద్ధతి ఇదే. అక్కడ క్లోన్‌కు `S`, హీల్‌కు `J`, నమూనా చోటు పట్టుకోవడానికి `Alt`. జింప్‌లో `C`, `H`, `Ctrl`.

ఒక ఫొటోను మొదటి నుంచి చివరిదాకా ఎలా చేస్తారో చెప్పగలరా?

గండికోట ఫొటో ఒకటి తీసుకుందాం. మాధవరాయ స్వామి గుడి దగ్గర రాతిగోడ ముందు ఒక కుటుంబం నిలబడి ఉంది. సాయంత్రపు ఎండ ఎడమవైపు నుంచి, కెమెరా వెనక నుంచి ఏటవాలుగా పడుతోంది. వరుసలో ఎడమ చివర అమ్మమ్మ, ముదురు ఆకుపచ్చ చీర. ఆమెకు వెనగ్గా నారింజ రంగు టీషర్టు, నీలం ప్యాంటుతో ఒకతను నడుస్తున్నాడు. అతని కుడి భుజం, కుడి కాలు అమ్మమ్మ వెనక దాగిపోయాయి. తల నుంచి నడుము దాకా అతని వెనక గోడ ఉంది, నడుము కింద మట్టినేల, అక్కడక్కడా ఎండుగడ్డి. ఫొటో వెడల్పు నాలుగు వేల పిక్సెళ్లు, అతను అందులో రెండు వందల పైచిలుకు.

ముందు అమ్మమ్మకు రక్షణ కల్పించాలి. `Free Select` తో అతని చుట్టూ గీయండి. ఎడమవైపు ఎంత వదులుగా గీసినా ఫర్వాలేదు. కుడివైపు మాత్రం, చీర అంచు వెంటే, ఫొటోను రెండు మూడు రెట్లు పెద్దది చేసుకుని, ఓపిగ్గా గీయాలి. గీయడానికి ముందే `Feather edges` ఒక పిక్సెల్ పెట్టుకోండి. ఫొటోలో ఏ అంచూ కత్తితో కోసినట్టు ఉండదు కదా. ఇక బ్రష్షు ఈ గీత దాటి చీర మీదికి పోలేదు. పులుముడులో సగం ఈ ఒక్క అడుగుతోనే ఆగిపోతుంది.

తర్వాత ఒక ఖాళీ లేయరు చేర్చి, క్లోన్ టూల్ ఆప్షన్లలో `Sample merged` టిక్ పెట్టండి. కింది ఫొటోను చూసి పై ఖాళీ లేయరు మీద రాస్తుంది. తప్పితే చెరిపేసుకోవచ్చు, అసలు ఫొటో చెక్కుచెదరదు. అక్కడే `Alignment` అని ఒకటి ఉంటుంది, దాన్ని `Aligned` కు మార్చండి. జింప్‌లో అది మొదట `None` గా ఉంటుంది. అలా వదిలేస్తే మౌస్ ఎత్తి పెట్టిన ప్రతిసారీ మొదట పట్టుకున్న చోటి నుంచే మళ్లీ నకలు మొదలవుతుంది. గోడంతా ఒకే రాయి అచ్చు పడటానికి సగం సందర్భాల్లో ఇదే కారణం.

బ్రష్షు `Hardness` సుమారు 75 ఉంచండి. పూర్తిగా గట్టిదైతే గుండ్రని అంచు కనబడుతుంది, మరీ మెత్తనిదైతే అంచు చుట్టూ నున్నటి వలయం ఏర్పడుతుంది. `Opacity` 100 నుంచి తగ్గించకండి. సగం పారదర్శకంగా రెండు సార్లు రాయడమంటే రెండు గరుకులను కలిపి సగటు చేయడమే.

ఇప్పుడు గోడ. మొదలు రాయి మధ్యలో కాదు, అతుకు దగ్గర పెట్టాలి. రెండు వరుసల మధ్య అడ్డంగా పోయే సందు అతని తల వెనకకు వెళ్లి మాయమైన చోటు చూడండి. అదే సందు మీద, ఎడమవైపు కాస్త దూరంలో `Ctrl` నొక్కి క్లిక్ చేయండి. తర్వాత అది మాయమైన చోట, సరిగ్గా సందు మీదే బ్రష్షు ఆనించి కుడివైపుకు లాగండి. ముందు ఇలా సందులన్నీ గీసుకుంటే గోడకు ఎముకలు వచ్చినట్టే. రాళ్ల ముఖాలను వాటి మధ్య నింపడం తేలిక. నిలువు సందులు మీ ఇష్టం, కానీ పై వరుస సందు కింది వరుస సందు మీదికి సరిగ్గా రాకూడదు. రాతిపని చేసేవాళ్లెవరూ అలా కట్టరు, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది.

గోడ కెమెరాకు ఎదురుగా కాకుండా ఏటవాలుగా ఉంటే సందులు దూరం పోయేకొద్దీ దగ్గరవుతాయి. అప్పుడు ఒకే నమూనాతో పొడుగ్గా లాగితే గీత రెండో చివర కలవదు. కొద్దికొద్దిగా లాగుతూ, నమూనా చోటును మళ్లీ మళ్లీ పట్టుకోవాలి.

నేల దగ్గర నియమం ఇంకొకటి. నమూనాను పక్కనుంచే తేవాలి, పైనుంచో కిందనుంచో కాదు. ఫొటోలో కిందికి వచ్చేకొద్దీ నేల కెమెరాకు దగ్గరవుతుంది, గులకరాళ్లు పెద్దవిగా, స్పష్టంగా కనబడతాయి. పైకి పోయేకొద్దీ చిన్నవై మసకబారుతాయి. దగ్గరి రాళ్లు తెచ్చి దూరంలో పెడితే అక్కడ మాత్రం నేల ఉబ్బినట్టుంటుంది. ఈ ఫొటోలో ఎడమవైపు అదే ఎత్తులో నేల ఖాళీగా ఉంది, అక్కడి నుంచి తెచ్చాం.

చివరికి గోడా నేలా కలిసే గీత. దీన్ని కూడా అతుకులాగే, ఉన్న గీత మీదే పట్టుకుని, ఉన్న గీత మీదే మొదలుపెట్టి లాగాలి. గోడ మొదట్లో పేరుకున్న మట్టి, గడ్డి దుబ్బులు ఉంటే వాటిలో ఒకదాన్ని ఆ గీత మీదే, అతని నడుము ఉన్న చోటికి తెచ్చుకోండి. అతుకు దాచడానికి గడ్డిని మించిన స్నేహితుడు లేదు.

ఇంతవరకూ అయ్యాక హీల్. దీనికి ఖాళీ లేయరు పనికిరాదు, రంగు పోల్చుకోవడానికి కింద బొమ్మ ఉండాలి. `Layer` మెనూలో `New from Visible` నొక్కితే కనబడుతున్నదంతా ఒక లేయరుగా వస్తుంది, దాని మీద పని చేయండి. తెచ్చిన రాయి పక్కరాయికన్నా కొంచెం ముదురుగా ఉంటే ఆ హద్దు మీద చిన్న బ్రష్షుతో ఒక్కొక్క చుక్కగా నొక్కండి. రాయకండి. చీర దరిదాపుల్లోకి పోకండి, కనీసం రెండు బ్రష్షుల వెడల్పు దూరం ఉంచండి.

మనిషి పోయాడు, నీడ మిగిలిపోయింది. ఏం చేయాలి?

దీన్ని మరచిపోయేవాళ్లే ఎక్కువ. మనిషి లేకుండా నీడ ఒక్కటే నేల మీద పడుకుని ఉండే ఫొటోలు పెళ్లి ఆల్బముల్లో కూడా చూశాను.

నేల ఒట్టి మట్టి అయితే నీడనూ మనిషిలాగే పక్క నేలతో కప్పేయండి. నీడ అంచు మెత్తగా, పాదాల దగ్గర గట్టిగానూ దూరం పోయేకొద్దీ పలచగానూ ఉంటుంది. కాబట్టి కంటికి కనిపించే దానికన్నా కాస్త వెడల్పుగా తీసుకోవాలి. లేకపోతే బూడిదరంగు వలయం మిగులుతుంది.

గండికోట ఫొటోలో అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. అతని నీడ కుడివైపుకు పడి, అమ్మమ్మకూ పక్కనున్న మనవడికీ మధ్య సందులో అమ్మమ్మ నీడతో కలిసిపోయింది. ఎండ ఒకటే కాబట్టి రెండు నీడలు కలిసిన చోట నేల రెండింతలు నల్లబడదు. ఎండ అందకపోతే అందలేదు, అంతే. అందువల్ల ఎక్కడ అతని నీడ ఆగుతుందో, ఎక్కడ ఆమెది మొదలవుతుందో ఫొటో చూసి తెలియదు. మనవడి నీడ ఎటు వాలిందో చూడాలి. అదే కోణంలో అమ్మమ్మ తల నీడ ఎక్కడ పడాలో ఊహించి, ఆ హద్దు దాకా నీడను ఉంచాలి. దాటినదాన్ని ఎండనేలతో కప్పాలి. ఆ కొత్త హద్దు అంచు ఎంత మెత్తగా ఉండాలో కూడా మనవడి నీడే చెబుతుంది.

చీర అంచున నారింజ రంగు జీర మిగిలింది. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

లెన్సు ఏ అంచునైనా ఒకటి రెండు పిక్సెళ్ల మేర పక్క రంగుతో కలుపుతుంది. చీర అంచున ఆకుపచ్చా నారింజా కలిసిన పిక్సెళ్లు ముందే ఉన్నాయి, నారింజ పోయేసరికి అవి బయటపడ్డాయి. సెలెక్షన్‌ను తిరగేసి, అంటే ఇప్పుడు గోడను కాపాడుకుంటూ, మూడు నాలుగు పిక్సెళ్ల బ్రష్షుతో చీర అంచునే కొద్దిగా పైనుంచి కిందికి నకలు తీయండి. చీర మడతల దిశలోనే కదలాలి.

జుట్టు సంగతి వేరు. తలచుట్టూ లేచిన వెంట్రుకలను ఒక్కొక్కటి కాపాడాలని చూస్తే పొద్దుపోతుంది, పైగా ప్రతి వెంట్రుకా పాత రంగు అంచుతో మిగులుతుంది. నేను వాటిని పోనిస్తాను. గోడను తల దాకా తెచ్చి, తర్వాత ఒక పిక్సెల్ బ్రష్షుతో జుట్టు రంగులోనే నాలుగైదు వెంట్రుకలు, అసలువి ఎటు లేచాయో అటే గీస్తాను.

అతుకు కనబడుతోందో లేదో నా కంటికే తెలియడం లేదు. ఎలా పరీక్షించాలి?

గంటసేపు ఒకే చోట చూస్తే కన్ను ఒప్పేసుకుంటుంది. మూడు పనులు చేయండి. ఫొటోను అద్దంలోలా ఎడమకుడిగా తిప్పండి, అలవాటు పోతుంది. తర్వాత తెర మీద అరచేయంత చేసి చూడండి. పులుముడు దగ్గరగా కన్నా దూరంగానే బాగా తెలుస్తుంది.

మూడోది గట్టి పరీక్ష. `New from Visible` తో ఇంకో లేయరు తీసి, దానికి `Curves` లో గీతను బాగా నిట్టనిలువుగా చేయండి. ఫొటో భయంకరంగా కనబడుతుంది, కంగారు పడకండి. చిన్న చిన్న వెలుగు తేడాలన్నీ పెద్దవై, నున్నటి మచ్చలు, గుండ్రని బ్రష్షు అంచులు బొబ్బల్లా పైకి లేస్తాయి. ఎక్కడున్నాయో చూసుకుని, ఆ లేయరు తీసేసి, కింద సరిచేయండి. ప్రింటు వేసేటప్పుడు లాబ్‌లో కాంట్రాస్టు పెంచితే బయటపడేవి కూడా ఇవే.

వెనక మసకగా ఉన్న ఫొటోల్లో తేలికా?

తేలికే, కానీ ఒక ఉచ్చు ఉంది. వెనక మసకగా ఉన్నా గ్రెయిన్ మాత్రం ఫొటో అంతటా ఉంటుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లో తీసిన ఫొటోలు చూడండి. వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా సున్నితత్వం పెంచుకుంటుంది, చీకటి గోడ నిండా గ్రెయిన్ చిమ్ముతుంది. అక్కడ మనిషిని తీసేసి మెత్తగా రంగు నింపితే ఆకారం బాగానే ఉంటుంది, కానీ చుట్టూ చిటపటలాడే చుక్కల మధ్య ఆ ఒక్క చోటు చచ్చినట్టు ఉంటుంది. నింపిన భాగాన్ని సెలెక్ట్ చేసి, `Filters` లోని `Noise` కింద `RGB Noise` ను చాలా కొద్దిగా వేయండి. ఫొటోను 100 శాతంలో పెట్టి, పక్క గోడతో సరితూగేదాకా పెంచి ఆపేయండి.

కంప్యూటర్ లేదు. ఫోనులో అవుతుందా?

మనిషి దూరంగా, చిన్నగా, ఆకాశం ముందో మట్టి ముందో ఉంటే అవుతుంది. స్నాప్‌సీడ్‌లోని హీలింగ్ టూల్‌తో చేసేటప్పుడు ముందు బాగా జూమ్ చేయండి. వేలి మచ్చ తెర మీద అంతే ఉంటుంది కాబట్టి, జూమ్ చేసినకొద్దీ ఫొటో మీద బ్రష్షు సన్నబడుతుంది. మనిషిని ఒక్కసారిగా రుద్దేయకుండా, పాదాల నుంచి ముక్కలు ముక్కలుగా తీయండి. నమూనా ఎక్కడి నుంచి తేవాలో అక్కడ మీ చేతిలో ఉండదు. అందుకే అతను మీవాళ్లను తాకి ఉంటే ఫోను మీద ఆశ వదులుకోండి.

తీయకూడని సందర్భాలున్నాయా?

ఉన్నాయి. లేపాక్షి మంటపంలో చెక్కడాల స్తంభం ముందు ఎవరైనా నిలబడి ఉంటే, అతని వెనక ఏ శిల్పం ఉందో ఈ ఫొటో చెప్పదు. పక్క స్తంభం బొమ్మ తెచ్చి అతికిస్తే ఒకే నర్తకి రెండు చోట్ల నిలబడుతుంది. ఆ గుడిని ఎరిగినవాళ్లు ఫొటో చూసి నవ్వుతారు. అలాంటప్పుడు పక్కకు కత్తిరించడం కుదురుతుందా అని చూస్తాను. కుదరకపోతే అతని చొక్కా రంగును వెలవెలబోయేలా చేసి, వెలుగు తగ్గించి, రాతి రంగులో కలిపేస్తాను. మనిషి ఉంటాడు, కానీ కన్ను అతని మీద ఆగదు. చాలామందికి ఇది సరిపోతుంది. నారింజ చొక్కానే వాళ్లను ఇబ్బంది పెట్టింది, మనిషి కాదు.

మీవాళ్ల ముఖం మీదో చేతుల మీదో అతను అడ్డంగా వచ్చి ఉంటే కూడా ఒప్పుకోను. వేరే ఫొటోలో ఆ చెయ్యి దొరికితే తప్ప కొత్త చెయ్యి కట్టడం నా వల్ల కాదు.

పని అయ్యాక ఎలా దాచుకోవాలి?

లేయర్లతో సహా `XCF` ఫైలుగా ఒకటి. పంచడానికి `File` మెనూలో `Export As` తో జేపెగ్ ఇంకొకటి, నాణ్యత 95 దగ్గర. అదే జేపెగ్‌ను తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా దాస్తూ పోతే ప్రతిసారీ గరుకు కొంత పోతుంది. దిద్దుబాటు ఏదైనా `XCF` లోనే చేయండి. తాకని అసలు ఫొటోను వేరే పేరుతో పక్కన ఉంచండి. అమ్మమ్మ ‘ఆ అబ్బాయి మన జమ్మలమడుగు వాళ్ల అబ్బాయి కదా, ఎందుకు తీసేశారు’ అని అడిగిన సందర్భం నాకు నిజంగా ఎదురైంది.